రన్నింగ్ వాచ్‌లో ఇంటర్వెల్ పెట్టాను: నిలబడితే రన్ అంటోంది, పరిగెడితే రెస్ట్ అంటోంది

కొర్లగుంట కుర్రోడు (ఆదివారం, ఉదయం 8:05)

అందరికీ నమస్తే. వాచ్ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చూడండి. పొద్దున గ్రౌండ్‌లో వాకింగ్‌కొచ్చిన పెద్దోళ్ళందరి ముందూ పిచ్చోణ్ణయ్యాను.

నాది గార్మిన్ ఫోర్‌రన్నర్ 55. ఇన్నాళ్ళూ స్టార్ట్ నొక్కడం, పరిగెత్తడం, ఇంటికొచ్చి ఆపడం, అంతే. నిన్న రాత్రి మొదటిసారి ఫోన్ యాప్‌లో ఇంటర్వెల్ వర్కౌట్ తయారుచేసి వాచ్‌కి పంపాను. Warm Up 10 నిమిషాలు, తర్వాత Run 400 మీటర్లు, Rest నిమిషంన్నర, ఈ రెండూ 6 సార్లు రిపీట్, చివర్లో Cool Down.

వార్మప్ బాగానే అయింది. చివరి అర నిమిషం గీత దగ్గరే అటూ ఇటూ తిరిగి, బీప్ రాగానే బయల్దేరాను. మొదటి రౌండు 1:53. గీత దగ్గరే బీప్ వచ్చింది, Rest అని పడింది. నాలుగడుగులు నడిచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డా. ఎంతసేపు నిలబడ్డా బీప్ లేదు! చూస్తే 1:18 దగ్గర ఆగి ఉంది. ఇక లాభం లేదని, రెండు నిమిషాలయిందేమో అనిపించి రెండో రౌండు మొదలుపెట్టాను. రెండో వంపు సగం దాటాక, వేపచెట్టు దగ్గర బీప్ కొట్టి Run అంది. అప్పటికే పరిగెడుతున్నా కదా స్వామీ! గీత దగ్గరికొచ్చి నిలబడితే రెస్ట్ రాలేదు. మూడో రౌండు పరిగెడుతుంటే మళ్ళీ అదే వేపచెట్టు దగ్గర Rest అంది. ఒళ్ళు మండి, రౌండు పూర్తిచేసి సేవ్ కొట్టి వచ్చేశా.

వాచ్ పాడైందా, నేనే తప్పు పెట్టానా?

లెక్కల మేడం (ఉదయం 8:31)

జీపీఎస్ తప్పు తమ్ముడూ. గ్రౌండ్‌లో గుండ్రంగా తిరిగితే జీపీఎస్ వంపుల్ని కోసేస్తుంది, 400 పరిగెత్తినా 385 అనో 410 అనో చూపిస్తుంది. దూరం పెట్టుకోకు, టైమ్ పెట్టుకో. లేదంటే గీత దాటగానే ల్యాప్ బటన్ నొక్కేయ్, కింద కుడివైపు ఉంటుంది చూడు, అది నొక్కితే తర్వాతి స్టెప్‌కి వెళ్ళిపోతుంది. నేను అలాగే చేస్తాను.

మెట్ల స్వామి (ఉదయం 8:44)

నేను నెలకోసారి అలిపిరి నుంచి నడిచి ఎక్కుతా. 3,550 మెట్లు. గాలి గోపురం దగ్గర పావుగంట కూర్చుంటా. ఆ రెస్ట్ కూడా వాచ్‌లో పెట్టుకోవచ్చా? ఎన్ని నిమిషాలు పెట్టాలి?

కొర్లగుంట కుర్రోడు (ఉదయం 8:50)

స్వామీ, మీది కొండెక్కడం, నాది ఇంటర్వెల్. మీ రెస్ట్‌కి బీప్ ఎందుకు, దర్జాగా కూర్చోండి.

పాత విజిల్ (ఉదయం 9:15)

మేడం చెప్పింది జీపీఎస్ గురించి నిజమే గానీ, ఇక్కడ రోగం అది కాదు. జీపీఎస్ తప్పితే రౌండుకి ఐదో పదో మీటర్లు తప్పుతుంది. ఇతనికి నూటపాతిక మీటర్ల దూరంలో బీప్ కొట్టింది, అదీ రెండుసార్లూ ఒకే చెట్టు దగ్గర. తప్పే దూరం అంత క్రమంగా తప్పదు.

నాయనా, రెండు సంగతులు చెప్పు. యాప్‌లో పొద్దున్నటి పరుగు తెరిస్తే Time అని ఒకటి, Elapsed Time అని ఒకటి ఉంటాయి. రెండూ రాసి పెట్టు. ఇంకొకటి, నువ్వు రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే వాచ్ దానంతటదే ఆగి, కదలగానే మళ్ళీ మొదలవుతుందా?

కొర్లగుంట కుర్రోడు (ఉదయం 9:22)

Time 16:02, Elapsed Time 19:41.

అవును మాస్టారూ, ఆగుతుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడితే పేస్ పాడవుతోందని నేనే పెట్టుకున్నా, Auto Pause అని.

పాత విజిల్ (ఉదయం 9:58)

దొరికింది దొంగ.

వర్కౌట్‌లో నిమిషంన్నర రెస్ట్ అని పెట్టావు కదా, ఆ నిమిషంన్నర గోడ గడియారం లెక్క కాదు, వాచ్‌లో నడిచే టైమర్ లెక్క. Auto Pause ఉంటే నువ్వు నిలబడగానే ఆ టైమర్ ఆగిపోతుంది. టైమర్ ఆగితే రెస్ట్ కూడా ఆగుతుంది. నిలబడి రెస్ట్ తీసుకోమని నువ్వే చెప్పావు, నిలబడితే లెక్కపెట్టొద్దనీ నువ్వే చెప్పావు. అది రెండూ విన్నది.

నీ పొద్దున్నటి కథ లెక్క వేసి చూడు. మొదటి రౌండయ్యాక నాలుగడుగులు నడిచావు, అందులో 12 సెకన్లు పోయాయి, 1:18 మిగిలింది. నిలబడ్డావు, టైమర్ నిద్రపోయింది. రెండో రౌండు మొదలుపెట్టగానే అది లేచి, ఆ మిగిలిన 78 సెకన్ల రెస్ట్‌ని నువ్వు పరిగెడుతుండగా లెక్కపెట్టింది. నీ రౌండు 1:53, అంటే 113 సెకన్లు. ఆ వేగంలో 78 సెకన్లకి 276 మీటర్లు వస్తుంది. రెండో వంపు సగం దాటాక అదే కదా. నీ వేపచెట్టు అక్కడే ఉండాలి.

అక్కడ Run అని బీప్ కొట్టింది. అక్కణ్ణుంచి 400 లెక్క మొదలు. నువ్వు గీత దగ్గరికొచ్చి ఆగేసరికి దాని లెక్కలో 124 మీటర్లే అయింది, ఇంకా 276 బాకీ. అందుకే రెస్ట్ రాలేదు. మూడో రౌండులో ఆ 276 పూర్తయ్యింది ఎక్కడ? మళ్ళీ అదే చెట్టు దగ్గర. చెట్టులో దయ్యం ఏమీ లేదు.

Elapsed Time అనేది గోడ గడియారం. రెండింటి తేడా 3:39. రెండుసార్లు నిలబడ్డావు, రెండేసి నిమిషాలనుకుంటే, ముందూ వెనకా ఆ కొన్ని సెకన్లు తీసేస్తే సరిపోయింది. ఇంటర్వెల్ చేసిన రోజు ఈ రెండు అంకెల మధ్య నిమిషాల తేడా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది Auto Pause నే. మధ్యలో చేత్తో స్టాప్ నొక్కి నిలబడేవాళ్ళకి కూడా ఇదే జరుగుతుంది. చాలామంది అలవాటుగా నొక్కుతారు, తర్వాత రెస్ట్ అయిపోలేదని తిడతారు.

కొర్లగుంట కుర్రోడు (ఉదయం 10:04)

మాస్టారూ దండం. ఆ చెట్టు అక్కడే ఉంది!

Run సెట్టింగ్స్‌లోకి వెళ్ళి Auto Pause ఆఫ్ చేశా. మరి రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు మళ్ళీ ఆన్ చేసుకోవాలా ప్రతిసారీ?

పాత విజిల్ (ఉదయం 10:20)

అక్కర్లేదు. ఆ సెట్టింగ్ ఏ యాక్టివిటీకి ఆ యాక్టివిటీకి వేరుగా ఉంటుంది. రోడ్డుకి Run వాడుకో, అందులో ఆన్ ఉంచుకో. గ్రౌండ్‌కి Track Run వాడు, అందులో ఆఫ్ చేసిపెట్టు. నీ 55లో Track Run ఉంటుంది, కనిపించకపోతే యాక్టివిటీల జాబితాలో చేర్చుకోవాలి. మేడం చెప్పిన జీపీఎస్ గొడవ కూడా దానితో చాలావరకు తీరుతుంది. ఏ లేన్‌లో పరిగెడతావో చెప్పి, అదే లేన్‌లో కనీసం మూడు రౌండ్లు తిరిగితే ఆ ట్రాక్‌ని గుర్తుపెట్టుకుంటుంది. వార్మప్‌లోనే ఆ మూడు రౌండ్లు అయిపోతాయి. అయితే అది 400 మీటర్ల కొలతకి కట్టిన ట్రాక్ అయితేనే. మన ఊళ్ళో చాలా గ్రౌండ్లలో సున్నం గీసింది ఎవరో అడుగులు కొలిచి గీసిందే, అక్కడ ఇది నప్పదు.

చిత్తూరు మామిడి (ఉదయం 11:40)

మేడం గారు చెప్పిన ల్యాప్ బటన్ విషయంలో ఒక మాట. నేను చిత్తూరులో మెసానికల్ గ్రౌండ్‌లో అలాగే చేసి మోసపోయినాను. 400 అని దూరం పెట్టి, గీత దగ్గర బటన్ కూడా నొక్కుతా ఉన్నా. ఒక రౌండులో వాచ్ గీతకి పది మీటర్ల ముందే 400 అయిందనుకుని రెస్ట్‌లోకి పోయింది. నేను ఆయాసంలో బీప్ వినలేదు, గీత దాటి బటన్ నొక్కినా. ఇంకేముంది, రెస్ట్ దాటేసి తర్వాతి రన్ మొదలు! నేను నిలబడి ఉండా, అది సెకన్లు లెక్కబెడతా ఉంది.

లెక్కల మేడం (మధ్యాహ్నం 12:10)

అయ్యో, అది నిజమే. నేను టైమ్ పెట్టుకుంటా కాబట్టి నాకెప్పుడూ ఈ ఇబ్బంది రాలేదు. టైమ్‌కి ఈ గొడవే ఉండదు.

పాత విజిల్ (మధ్యాహ్నం 12:45)

మామిడి అన్నది అసలైన మాట. వాచ్‌కీ నీ వేలికీ ఇద్దరికీ ఒకే పని అప్పజెప్పకూడదు. రౌండు ఎప్పుడు ముగిసిందో ఒకరే చెప్పాలి.

నా పద్ధతి ఇది. గీత ఉన్న గ్రౌండైతే, Run స్టెప్‌కి దూరం తీసేసి Lap Button Press అని పెట్టు. అంటే నువ్వు నొక్కేదాకా రన్ ముగియదు. గీత దాటుతూ నొక్కుతావు, వాచ్ రెస్ట్‌లోకి వెళ్తుంది. రెస్ట్ మాత్రం నిమిషంన్నర టైమ్‌కే ఉంచు. చివరి సెకన్లలో బీప్‌లు కొట్టి అదే నిన్ను పంపిస్తుంది. కాబట్టి ఒక రౌండుకి ఒక్కసారే నొక్కుడు, అదీ గీత మీద. రౌండు టైమ్ కూడా సెకను దాకా నిజంగా వస్తుంది.

వార్మప్‌కి కూడా Lap Button Press పెట్టుకోవడమే మేలు. పది నిమిషాలని పెడితే, నువ్వు లేసు కట్టుకుంటున్నా సరే టైమ్ అవగానే రన్ మొదలుపెట్టేస్తుంది. ఇవాళ నువ్వు గీత దగ్గర కాపు కాశావు కాబట్టి సరిపోయింది. ఫోన్ లేకుండా వాచ్‌లోనే Intervals అని ఉన్నదాన్ని వాడేవాళ్ళకి వార్మప్ ఎలాగూ ఇలాగే ఉంటుంది, ల్యాప్ నొక్కేదాకా అది వదలదు. అది తెలియక ఒకాయన మా గ్రౌండ్‌లో అరగంట వార్మప్ చేశాడు.

ఇంకో చిన్న సంగతి. 6 సార్లు రిపీట్‌లో ఆరో రన్ తర్వాత కూడా రెస్ట్ వస్తుంది, ఆ తర్వాత కూల్‌డౌన్. అక్కర్లేదనుకుంటే రిపీట్ 5 పెట్టి, దాని కింద రిపీట్ బయట ఒక Run విడిగా పెట్టు. నాకైతే ఆ చివరి రెస్ట్ ఉంటేనే బాగుంటుంది.

నైట్ డ్యూటీ (మధ్యాహ్నం 2:30)

నాకు గ్రౌండ్ లేదండీ. డ్యూటీ దిగాక పొద్దున చెర్లోపల్లి రోడ్డులో ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పది సార్లు. నాది వేరే కంపెనీ వాచ్. వర్కౌట్ సరిగ్గానే నడుస్తుంది గానీ బీప్ వినపడి చావదు. జూ పార్కు వైపు వెళ్ళే బస్సుల హారన్లకి నా బీప్ ఎక్కడ! చాలాసార్లు రెండు నిమిషాలు పరిగెత్తేసి తర్వాత చూసుకుంటా.

లెక్కల మేడం (మధ్యాహ్నం 2:48)

వైబ్రేషన్ ఆన్‌లో ఉందా? పట్టీ ఎంత బిగుతుగా పెడతారు?

నైట్ డ్యూటీ (మధ్యాహ్నం 2:55)

వైబ్రేషన్ ఉంది. పట్టీ వదులే, వార్డులో చేతులు మాటిమాటికీ కడుక్కోవాలి కదా, పైకి జరుపుకోవడానికి వీలుగా పెట్టుకుంటా.

లెక్కల మేడం (మధ్యాహ్నం 3:02)

అదే. వదులుగా ఉంటే చేయి ఊగే ఊపులో వైబ్రేషన్ కలిసిపోతుంది. రోడ్డెక్కే ముందు ఒక రంధ్రం బిగించండి, మణికట్టు ఎముకకి కాస్త పైన. నాకు అదే పనిచేసింది. ఇంట్లో నిలబడి ఒకసారి పది సెకన్ల స్టెప్పులతో ఉత్తుత్తి వర్కౌట్ ఒకటి నడిపి చూడండి, ఏ బీప్ ఎలా ఉంటుందో చేతికి అలవాటవుతుంది.

కొర్లగుంట కుర్రోడు (సాయంత్రం 6:15)

మాస్టారూ, ఇంకొక డౌటు. Run స్టెప్‌లో పేస్ టార్గెట్ కూడా పెట్టమంటోంది. 4:30 నుంచి 4:50 అని పెట్టాను. ఉంచాలా?

పాత విజిల్ (సాయంత్రం 7:05)

400 లాంటి చిన్న రౌండుకి తీసెయ్, No Target పెట్టు. నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా లంఘించినప్పుడు వాచ్‌లో కనబడే పేస్ నీ కాళ్ళని అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నువ్వు సరిగ్గానే వెళ్తుంటావు, అది నెమ్మది అని వణుకుతుంది. దాని మాట విని నువ్వు ఇంకా వేగం పెంచుతావు. వంద మీటర్లయ్యాక అది నిద్రలేచి మరీ ఎక్కువైంది అంటుంది. అప్పటికి నీ పని అయిపోయి ఉంటుంది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల రిపీట్లకైతే ఆ టార్గెట్ పనికొస్తుంది, తేరుకోవడానికి టైమ్ ఉంటుంది కాబట్టి.

గ్రౌండ్‌లో నీకు అంతకన్నా మంచి అలర్ట్ ఉంది. అవతలి వైపు సగం రౌండు దగ్గర నీళ్ళ సీసా పెట్టుకో. 1:53 రౌండుకి అక్కడ 56, 57 సెకన్లు కనబడాలి. 52 కనబడితే తొందరపడ్డావు. విజిల్‌తో పిల్లల్ని పరిగెత్తించినన్నాళ్ళూ నేను చూసింది ఆ సగం గీత దగ్గరి టైమే.

చిత్తూరు మామిడి (సాయంత్రం 7:20)

గుండె వేగం టార్గెట్ పెడితే? మా ఫ్రెండ్ అదే పెడతాడు.

పాత విజిల్ (సాయంత్రం 7:31)

గుండె ఇంకా ఆలస్యం. రౌండు సగం అయ్యేదాకా అది పైకి ఎక్కుతూనే ఉంటుంది, రెస్ట్‌లోకి వచ్చాక కూడా కాసేపు దిగదు. మీ ఫ్రెండ్ కొండ రోడ్డులో పరిగెడతాడా? అలిపిరి వైపు ఎత్తులో పేస్ పనికిరాదు కాబట్టి అక్కడ ఎక్కువసేపు పరిగెత్తేవాళ్ళకి గుండె వేగం సరే.

చిత్తూరు మామిడి (సాయంత్రం 7:40)

వాడు ట్రెడ్‌మిల్ మీద. సరేలెండి.

ఇంకొకటి, కుర్రోడా, యాప్‌లో మార్చి ఊరుకోవద్దు. మళ్ళీ వాచ్‌కి పంపు. నేను ఒకసారి ఫోన్‌లో మార్చి, వాచ్‌లో పాతదే చేసుకుంటా ఉన్నా, పది రోజులు.

మెట్ల స్వామి (రాత్రి 9:10)

అయితే నేను మెట్లెక్కేటప్పుడు Auto Pause ఉంచుకోవచ్చా, తీసెయ్యాలా? ఇంతసేపూ చదివాను, నా సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత విజిల్ (రాత్రి 9:25)

మీరు స్టెప్పులేమీ పెట్టుకోరు కదా స్వామీ, గాలి గోపురం దగ్గర కూర్చున్న టైమ్ లెక్కలో వద్దనుకుంటే ఉంచుకోండి. కాకపోతే మోకాళ్ళ పర్వతం దగ్గర మీరు మెల్లగా ఎక్కుతుంటే ఆగిపోయారనుకుని అది కూడా ఆగవచ్చు. అప్పుడు ఇంటికెళ్ళాక తక్కువ టైమ్‌లో ఎక్కేశానని అందరికీ చూపించుకోవచ్చు.

లెక్కల మేడం (రాత్రి 9:50)

మాస్టారూ, నేనొకటి ఒప్పుకోను. అసలు నిలబడి రెస్ట్ ఎందుకు? మెల్లగా జాగ్ చేస్తూ ఉంటే Auto Pause గొడవే రాదు, కాళ్ళూ పట్టెయ్యవు. యాప్‌లో Rest బదులు Recover అని స్టెప్ ఉంది కదా, అది అందుకే.

పాత విజిల్ (రాత్రి 10:05)

Rest అన్నా Recover అన్నా వాచ్‌కి టైమర్ ఒకటే మేడం, తెర మీద పేరే తేడా. మెల్లగా నడిచినా Auto Pause ఒక్కోసారి ఆగిందనే అనుకుంటుంది, కాబట్టి ఆఫ్ చేయడం ఎలాగూ తప్పదు. ఇక నిలబడాలా కదలాలా అన్నది: వేగంగా కొట్టాల్సిన రౌండ్లకి నిలబడమంటాను నేను, నడిచినా అభ్యంతరం లేదు. జాగ్ చేస్తే తర్వాతి రౌండు మందగిస్తుంది.

లెక్కల మేడం (రాత్రి 10:11)

మందగించినా పర్లేదు, అదీ ట్రైనింగే. ఇది మనిద్దరి మధ్య తేలేది కాదు లెండి.

కొర్లగుంట కుర్రోడు (గురువారం, ఉదయం 7:40)

రిపోర్ట్. Track Run, Auto Pause ఆఫ్, వార్మప్‌కీ రన్‌కీ Lap Button Press, రెస్ట్ 1:30, రిపీట్ 6. మార్చాక మళ్ళీ పంపాను కూడా.

1:54, 1:53, 1:55. రెస్ట్ అచ్చంగా నిమిషంన్నరకి బీప్, నిలబడినా సరే. చాలా బాగుంది. నాలుగో రౌండులో 1:51, గీత దాటుతూ నొక్కాను. చెమటకి వేలు జారి సరిగ్గా పడిందో లేదో అనుమానం వచ్చి ఇంకోసారి నొక్కాను. రెండూ పడ్డాయి! రెస్ట్ పోయి ఐదో రన్ మొదలైంది. ఏం చేయాలో తోచక మళ్ళీ నొక్కేశాను, రెస్ట్ వచ్చింది. కానీ చివర్లో ఒక రౌండు తక్కువై, కూల్‌డౌన్ ముందే వచ్చేసింది. యాప్‌లో ఐదో రౌండు 3 సెకన్లు అని చూపిస్తోంది. ప్రపంచ రికార్డు.

వెనక్కి వెళ్ళే బటన్ ఏదైనా ఉందా?

పాత విజిల్ (ఉదయం 8:02)

నేను వాడినంతలో అలాంటిది కనబడలేదు. నువ్వు మళ్ళీ నొక్కడమే సరైన పని, ఆ 3 సెకన్ల రౌండు ఒకటి దండగ, అంతే. తక్కువైన రౌండు కూల్‌డౌన్‌లోనే పరిగెత్తేసి ముందూ వెనకా ల్యాప్ నొక్కుకోవచ్చు అనుకునేవు, కొన్నింటిలో అది వర్కౌట్‌నే ముగించేస్తుంది. అందుకని నేను రిపీట్ ఒకటి ఎక్కువే పెడతాను, 6కి 7. మిగిలితే ఏడోది చేయకుండా సేవ్ కొట్టేస్తా.

నొక్కాక తెర వైపు ఒకసారి చూడు. Rest అని ఉంటే పడినట్టే. చూడకుండా రెండోసారి నొక్కకు.

నైట్ డ్యూటీ (ఉదయం 8:20)

పట్టీ బిగించా మేడం. వైబ్రేషన్ తెలుస్తోంది. ఇప్పుడు కొత్త సమస్య, పరుగు మొదలవ్వాలన్న బీప్‌కీ నడక మొదలవ్వాలన్న బీప్‌కీ తేడా తెలియట్లేదు, రెండూ ఒకేలా వణుకుతున్నాయి. మధ్యలో ఒకటి మిస్ అయితే ఏది ఏదో తారుమారు. దీనికేమైనా ఉందా?

లెక్కల మేడం (ఉదయం 8:34)

పరుగు ఒక నిమిషం, నడక 70 సెకన్లు పెట్టి చూడండి. మిస్ అయినా తెరలో మిగిలిన టైమ్ చూస్తే, నిమిషానికి పైన అంకె కనబడితే అది నడకే. మొదటి పది సెకన్లలో చూస్తేనే అనుకోండి.

నైట్ డ్యూటీ (ఉదయం 8:37)

తెర చూస్తే Walk అని రాసే ఉంటుంది కదండీ. చూడకుండా తెలియాలి, అదీ నా బాధ.